ఏడు మాటలు, ఇరవై ఐదు మాటలు

పోయిన ఏడాది ఆగస్టులో ఒక సాయంత్రం మా అక్క కూతురు ఫోనులో ఒక ఫొటో పంపింది. తన ఖాతాలో 1,008 రూపాయలు పడ్డాయని బ్యాంకు పంపిన సందేశం అది. రాజమహేంద్రవరంలో బీకాం రెండో ఏడాది చదువుతోంది. రాసి సంపాదించిన మొదటి డబ్బు. నేను సంతోషంగా ఫోను చేస్తే అవతల గొంతు నీరసంగా ఉంది.

"వెయ్యి నూట ఇరవై రావాలి పిన్నీ. అమ్మమ్మ చేతిలో వెయ్యి నూట పదహార్లు పెడదామనుకున్నాను. నాలుగు రూపాయలు గుర్తుగా నా దగ్గర ఉంచుకుందామనుకున్నాను" అంది.

ఆ తగ్గిన 112 రూపాయల సంగతి తరువాత చెబుతాను. దానికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ డబ్బు ఆమెకు ఏ కొలతతో వచ్చింది, ఆ కొలత ఆమె తెలుగును నెల రోజుల్లో ఏమి చేసింది అన్నది. తెలుగు రాతకు మాటల లెక్కన డబ్బు ఇవ్వకూడదు, రాసేవాళ్లు ఆ లెక్కకు ఒప్పుకోకూడదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆమె రాసిన నాలుగు వ్యాసాలూ ముందు పెట్టుకుని చెబుతున్నాను.

మా బావది కడియంలో నర్సరీ పని. అంటు కట్టడంలో ఆయన చేయి మంచిదని పేరు. పిల్ల ఆ మొక్కల మధ్యే పెరిగింది. కాబట్టి మొక్కలు, కుండీలు అమ్మే ఒక సంస్థ తన వెబ్‌సైటుకు తెలుగులో వ్యాసాలు కావాలన్నప్పుడు, ఆ పనికి ఆమెకంటే తగిన మనిషి దొరకడం కష్టం. మాటకు 40 పైసలు. వ్యాసానికి 700 మాటలు. నాలుగు వ్యాసాలు. ముందుగా నమూనా కింద 500 మాటల వ్యాసం ఒకటి ఉచితంగా రాయించుకున్నారు. అది కూడా తరువాత వాళ్ల సైటులో కనిపించింది. కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగి కాని మనిషి రాసిన దాని మీద హక్కు, రాతపూర్వకంగా సంతకం పెట్టి బదిలీ చేసేదాకా, రాసిన మనిషిదే. ఆ సంగతి ఆమెకు అప్పటికి తెలియదు. వాళ్లకు తెలియకపోవడానికి మాత్రం కారణం నాకు కనిపించడం లేదు.

మొదటి వ్యాసం మల్లె మొక్క కత్తిరింపు మీద. ఆమె దాన్ని రాయడానికి వాళ్ల నాన్నను అడిగింది, నర్సరీలో ఇద్దరు పాత పనివాళ్లను అడిగింది, చెప్పాల్సింది అంతా చెప్పింది. లెక్క చూసుకుంటే 480 మాటలు. పంపితే, 220 మాటలు తక్కువయ్యాయని తిప్పి పంపారు. విషయంలో ఏమి తక్కువైందో ఒక్క ముక్క రాయలేదు.

వాళ్లు కొలత ఎక్కడి నుంచి తెచ్చారో ఊహించడం కష్టం కాదు. అదే సంస్థ ఇంగ్లీషు వ్యాసాలకు 700 మాటలు అడుగుతుంది. ఇంగ్లీషులో ప్రతి చిన్న మాటా విడిగా నిలబడుతుంది. తెలుగులో అలా కాదు. విభక్తి, కాలం, వ్యతిరేకం, ఎవరు చేశారన్నది, అన్నీ క్రియకో నామవాచకానికో అతుక్కుని ఒకే మాటగా నడుస్తాయి. "నీళ్లు పోయకపోతే మొక్క చచ్చిపోతుంది." నాలుగు మాటలు. దీన్నే మామూలు ఇంగ్లీషులో రాస్తే పది మాటలు అవుతాయి. పైగా కంప్యూటర్ లెక్కపెట్టేది మాటలను కాదు, మధ్యనున్న ఖాళీలను. "చేయవలసి ఉంటుంది" అని విడదీసి రాస్తే రెండు, "చేయవలసివుంటుంది" అని కలిపితే ఒకటి. "ఇంటి నుంచి" రెండు, "ఇంటినుంచి" ఒకటి. ఒకే వాక్యాన్ని ఇద్దరు చదువుకున్నవాళ్లు రెండు విధాలుగా రాసి, ఇద్దరూ తప్పు చేయకుండా, వేరువేరు డబ్బు తీసుకోగలిగిన కొలత ఇది. బియ్యాన్ని మూరలతో కొలిచినట్టు ఉంది.

అక్షరాలను లెక్కపెట్టి ఇస్తే సరిపోతుంది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది ఆరు సంకేతాలు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం. ఆ దారి కూడా నేరుగా లేదు. ఒకవేళ అది కుదిరినా, ఊదరగొట్టి రాసినవాళ్లకు ఎక్కువ, పొదుపుగా రాసినవాళ్లకు తక్కువ అన్న అసలు జబ్బు అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ 220 మాటలు ఎలా వచ్చాయో చూడాలి. మొదటి ప్రతిలో ఆమె రాసిన వాక్యం ఇది:

"నీళ్లు ఆపి, ఆకు దూసి, మూరెడు ఎత్తున కత్తిరించాలి."

ఏడు మాటలు. చలికాలంలో మల్లెకు చేయాల్సిన పనంతా అందులో ఉంది, వరుస కూడా తప్పలేదు. ముందు నీళ్లు ఆపితే మొక్క ఎదుగుదల నిలుస్తుంది, ఆకు దూస్తే ఏ కొమ్మ ఎండిందో ఏది పచ్చిదో కంటికి కనిపిస్తుంది, అప్పుడు కత్తెర పెట్టాలి. ఈ వరుస ఆమె పుస్తకంలో చదవలేదు, చిన్నప్పటి నుంచి చూసింది. ఆ వాక్యం వాళ్ల నాన్న నోట్లోంచి వచ్చినట్టే ఉంటుంది.

రెండో ప్రతిలో అదే చోట ఇది ఉంది:

"ముందుగా మొక్కకు నీరు పెట్టడం ఆపివేయడం జరగాలి. ఆ తరువాత మొక్కకు ఉన్నటువంటి ఆకులను తొలగించడం జరగాలి. అనంతరం భూమి నుంచి సుమారు ఒక మూర ఎత్తులో కొమ్మలను కత్తిరించడం అనేది చేయవలసి ఉంటుంది."

ఇరవై ఐదు మాటలు. 40 పైసల చొప్పున మొదటి వాక్యం ధర 2 రూపాయల 80 పైసలు. రెండోదాని ధర సరిగ్గా 10 రూపాయలు. కొత్త విషయం ఒక్కటీ రాలేదు. "జరగాలి", "ఉన్నటువంటి", "అనేది", "చేయవలసి ఉంటుంది" వచ్చాయి. "దూసి" పోయింది. ఆకు దూయడం అంటే కొమ్మను వేళ్ల మధ్య పట్టుకుని కిందికి లాగడం. ఆ చేతి కదలిక మాటలోనే ఉంది. "తొలగించడం" అన్నప్పుడు చేయీ లేదు, వేళ్లూ లేవు. చదివిన మనిషి ఒక్కొక్క ఆకునూ కత్తెరతో కోస్తాడేమో కూడా.

ఈ పని ఎవరూ ఆమెకు నేర్పలేదు. డబ్బు నేర్పింది. రెండో వ్యాసానికి వచ్చేసరికి 480 మాటల ప్రతి రాయడమే మానేసింది, నేరుగా 700 రాసింది. మూడో వ్యాసంలో ప్రతి పేరా "ప్రస్తుత కాలంలో" అనో "మనందరికీ తెలిసిన విషయమే" అనో మొదలవుతుంది. నాలుగోది మొక్క గురించేనని తెలుసుకోవడానికి మూడు పేరాలు పడుతుంది. ఆ నాలుగో వ్యాసాన్ని మా బావకు చదివి వినిపించిందట. ఆయన సగంలో ఆపి, "ఇది నువ్వు రాసిందేనా అమ్మా?" అని అడిగాడట. కోపంగా కాదు, నిజంగా తెలియక. ఆ ప్రశ్న గురించి చెబుతూ ఆమె ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు.

"కొత్తగా మొదలుపెట్టిన పిల్ల, వచ్చింది తీసుకోవాలి, మొదటి రోజునే బేరాలా?" అనే వాళ్లు ఉన్నారు. మా అక్క కూడా అదే అంది. నా అభ్యంతరం 40 పైసల మీద కాదు. చేయి తిరగని రోజుల్లో తక్కువకు రాయడంలో తప్పేమీ లేదు. అభ్యంతరం కొలత మీద. మాటకు రెండు రూపాయలిచ్చినా ఈ కొలత ఇదే నేర్పుతుంది, ఇంకా గట్టిగా నేర్పుతుంది. తక్కువ ధర తరువాత పెరుగుతుంది. పద్ధెనిమిది, పందొమ్మిదేళ్ల వయసులో, వాక్యం రూపుదిద్దుకునే రోజుల్లో, "జరగడం జరిగింది" అని రాయడానికి అలవాటుపడిన చేయి అంత సులభంగా వెనక్కి రాదు. ఆ సెమిస్టరు పరీక్షల్లో తెలుగు పేపరులో కూడా ఆమె అలాగే రాసి వచ్చింది. అది ఆమే చెప్పింది.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ లెక్కకు అటువైపు నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. పత్రికలో ఉప సంపాదకురాలిగా పనిచేశాను. పల్లెల నుంచి వార్తలు పంపే విలేకరులకు "లైన్ అకౌంట్" అని ఒకటి ఉంటుంది. అచ్చయిన వార్త పొడవును కొలిచి ఇచ్చే డబ్బు. రాత్రి పదింటికి బల్ల మీద ఒక వార్త ఉంటుంది: "ఈ కార్యక్రమానికి ముఖ్య అతిథిగా విచ్చేసిన" అని మొదలై, వేదిక మీద ఉన్న పద్నాలుగు మందినీ పేరుపేరునా చెప్పి, చివరి రెండు వాక్యాల్లో చెరువు గండి పడిన సంగతి చెబుతుంది. గండిని పైకి తెచ్చి మిగతాది కొట్టేసేదాన్ని. అది నా పని, బాగానే చేశానని అనుకునేదాన్ని. కొట్టేసిన ప్రతి సెంటీమీటరూ అవతల ఒక మనిషి నెల సంపాదనలోంచి పోతోందని నాకు ఒక విలేకరి చెప్పేదాకా తట్టలేదు. "మీరు బాగు చేసినకొద్దీ మాకు తగ్గుతుందమ్మా" అన్నాడు. బాగా రాసినందుకు మనిషి నష్టపోయే ఏర్పాటు తప్పుడు ఏర్పాటని నాకు అప్పటి నుంచీ గట్టి నమ్మకం.

మరి సంస్థలు ఎందుకు మాటలనే లెక్కపెడతాయి? దుర్మార్గం వల్ల అని నేను అనుకోను. పని అప్పగించే మేనేజరుకు చాలాసార్లు తెలుగు చదవడం రాదు. ఆయన ఇంకో రాష్ట్రంలో కూర్చుని ఆరేడు భాషల్లో వ్యాసాలు రాయిస్తుంటాడు. తెలుగు వ్యాసం బాగుందో లేదో ఆయనకు తెలిసే దారి లేదు. 700 ఉన్నాయో లేదో మాత్రం తెర మూలలో అంకె చూపిస్తుంది. చూడగలిగింది చూస్తాడు. అందుకే "మాటలు లెక్కపెట్టకండి" అని ఊరుకుంటే సరిపోదు, చదవడం రాని మనిషి కూడా సరిచూసుకోగల ఇంకో కొలత చేతికివ్వాలి.

ఒక చోట మాటల లెక్క సరైనదే, అది కూడా చెప్పాలి. అనువాదంలో మూలంలో ఉన్న ఇంగ్లీషు మాటలను లెక్కపెట్టి ధర కడతారు. పని మొదలు కాకముందే ఆ అంకె ఇద్దరికీ తెలుసు, అనువాదకురాలు దాన్ని పెంచలేదు, తగ్గించలేదు. పదిని నాలుగులో చెప్పినా డబ్బు పదికే వస్తుంది. కాబట్టి బిగుతుగా రాయడానికి భయం లేదు. అనువాదం పనికి కూడా తెలుగు మాటలు లెక్కపెట్టి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. చేసిన పని ఒకటే అయినా చేతికి వచ్చేది బాగా తగ్గిపోతుంది.

సొంతంగా రాసేదానికి ఏ కొలత? దీనికి జవాబు నేను చెప్పలేదు, మా బావ చెప్పాడు. దసరాకు వెళ్లినప్పుడు ఈ మాటల లెక్కంతా విని ఆయన చేతిలో పని ఆపకుండానే అన్నాడు: "మాకు అంటుకు ఇంత అని ఇస్తారు. చుట్టిన పట్టీ ఎంత పొడవుందో కొలిచి ఇస్తారా? పట్టీ పొడవుకు డబ్బిస్తే అందరం చుడుతూనే కూర్చుంటాం." ఆ సమయంలో ఆయన ఒక మామిడి అంటుకు ప్లాస్టిక్ పట్టీ చుడుతున్నాడు. నాలుగు చుట్లు, ఒక ముడి. కోత పెట్టిన చోట గాలి, నీరు చొరకుండా ఉండాలి, అంతకు మించి చుట్టే అవసరం లేదు.

ఆ రోజే నేనూ పిల్లా కూర్చుని తన తరువాతి పనికి పెట్టే ధర రాశాం. వ్యాసం అంటే ఎన్ని మాటలో రాయలేదు, ఏ ప్రశ్నలకు జవాబు చెబుతుందో రాశాం. మల్లె వ్యాసమే ఉదాహరణగా తీసుకుంటే ఆరు ప్రశ్నలు: ఎప్పుడు కత్తిరించాలి, ఎంత ఎత్తున, నీళ్లు ఎప్పుడు ఆపి ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి, కత్తిరించాక ఎరువు ఏమి వేయాలి, కుండీలో మొక్కకు ఏమి మారుతుంది, ఆకు దట్టంగా ఉండి మొగ్గ రాకపోతే కారణం ఏమిటి. ఎండ చాలకపోవడమో, నత్రజని ఎక్కువ కావడమో ఆ చివరి ప్రశ్నకు జవాబులు. ఆ జాబితాను మేనేజరు తన భాషలో చదువుకోవచ్చు, ముందే ఒకటి కలపమనో తీసేయమనో చెప్పవచ్చు. వ్యాసం చేతికొచ్చాక తెలుగు తెలిసిన మనిషి ఎవరైనా రెండు నిమిషాల్లో ఆరూ ఉన్నాయో లేదో చూసి చెప్పగలరు. 700 అంకెకంటే ఇది ఆయనకు కూడా మంచి కాపలా. 700 మాటల్లో ఇలాంటి ప్రశ్న ఒక్కదానికీ జవాబు లేకుండా రాయవచ్చని ఆమె నాలుగో వ్యాసమే సాక్ష్యం.

ధర ఎంత పెట్టాలన్నది తేల్చడానికి ముందు పాత పనికి పట్టిన గంటలు లెక్కవేశాం. నాలుగు వ్యాసాలు రాయడానికి 19 గంటలు, తిప్పి పంపినదాన్ని పెంచడానికి 5 గంటలు. మొత్తం 24. చేతికొచ్చిన 1,008ని 24తో భాగిస్తే గంటకు 42 రూపాయలు. ఆమె ఆ అంకె కింద రెండు గీతలు గీసింది. ఆ 5 గంటలూ వ్యాసాన్ని పాడుచేయడానికి పట్టిన సమయమని నేను గుర్తుచేశాను.

కొత్త ధర వ్యాసానికి 600 అని రాసింది. "ఆరు ప్రశ్నలకు జవాబు ఉంటుంది, పంపిన వారంలోపు ఒకసారి సవరణ చేస్తాను, ఆ తరువాత ప్రశ్నలు కలిపితే ప్రశ్నకు 100 రూపాయలు, నమూనా కావాలంటే ఇంతకుముందు అచ్చయినవి చూపిస్తాను." ఒకసారి సవరణ అన్న మాట తప్పక ఉండాలని నేను పట్టుబట్టాను. మాటల లెక్క పోయి మొత్తం ధర వచ్చినప్పుడు జరిగే అసలు ప్రమాదం అక్కడే. హద్దు గీయకపోతే ఐదుసార్లు, ఆరుసార్లు మార్చమంటారు, గంట ధర మళ్లీ 42కే చేరుతుంది.

పాత సంస్థకు పంపితే "మా పద్ధతి అది కాదు" అని ఒక్క వాక్యంలో ముగించారు. ఇంకో చోట నుంచి జవాబే రాలేదు. మూడో చోట, విత్తనాలు అమ్మే ఒక చిన్న దుకాణం వాళ్లు, 500కు వస్తావా అని అడిగారు. ఒప్పుకుంది. రెండు వ్యాసాలు, తొమ్మిది గంటలు, 1,000 రూపాయలు. గంటకు 111. ఒక వ్యాసం 430 మాటలు, ఇంకోటి 510. మాటలు లెక్కపెట్టింది నేనే, వాళ్లు కాదు. అవి చదువుతుంటే మళ్లీ మా పిల్ల గొంతు వినిపించింది. "దూసి", "చిదిపి", "పాదు తీసి" అన్నీ తిరిగి వచ్చాయి.

ఇక ఆ 112 రూపాయలు. 1,120లో పదో వంతు. "పన్ను కింద పట్టుకున్నాం" అని పాత సంస్థ సందేశం. వృత్తి రుసుముల మీద 10 శాతం పట్టుకునే నియమం నిజమే. కానీ 2025 ఏప్రిల్ నుంచి, ఒక ఏడాదిలో ఒక మనిషికి ఇచ్చేది 50,000 దాటితేనే పట్టుకోవాలి. 1,120 ఎక్కడ, 50,000 ఎక్కడ. బీకాం చదివే పిల్లకు అంతకంటే ముందు తట్టిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "పిన్నీ, నా పాన్ నంబరు అడగనే లేదు. ఎవరి పేరు మీద కట్టారు?" సరైన ప్రశ్న. పట్టుకున్న పన్ను మన పాన్ మీద జమ అయితేనే మనది, మనకు పన్ను పడే ఆదాయం లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ లేకుండా పట్టుకుంటే 10 కాదు, 20 శాతం పట్టుకోవాలి. నంబరు అడగకుండా 10 శాతం తగ్గించారంటే అది పన్నుగా ఎక్కడికీ వెళ్లలేదని దాదాపు తేలిపోయినట్టే.

అయినా తొందరపడలేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పట్టుకున్నదాని వివరాలు అక్టోబరు 31లోగా సంస్థలు దాఖలు చేయాలి. నవంబరు మూడో వారంలో ఆదాయపు పన్ను సైటులో, తన పాన్ మీద జమ అయిన పన్నును చూపించే ఫారం 26ఏఎస్ తెరిచి చూసింది. ఏమీ లేదు. అప్పుడు రెండు వాక్యాల ఉత్తరం రాసింది: "నాకిచ్చిన డబ్బులో పన్ను కింద పట్టుకున్న 112 రూపాయలు నా 26ఏఎస్‌లో కనిపించడం లేదు. ఏ పాన్ మీద జమ చేశారో తెలిపి, పన్ను పట్టుకున్నట్టు ధ్రువీకరించే ఫారం 16ఏ పంపగలరు." తొమ్మిదో రోజున ఏ జవాబూ లేకుండా ఖాతాలో 112 రూపాయలు పడ్డాయి. అక్కడ లెక్కలు చూసే మనిషి ఎవరికి డబ్బిచ్చినా అలవాటుగా పదో వంతు తగ్గించి పంపుతుంటాడని నా అనుమానం. ఎంతమంది అడగకుండా ఊరుకున్నారో.

సంక్రాంతికి అందరం కలిశాం. అమ్మ పెరట్లో కూర్చుని ఉంది. పిల్ల వెయ్యి నూట పదహారు రూపాయలు ఆమె చేతిలో పెట్టి దణ్ణం పెట్టింది. అమ్మ నోట్లు లెక్కపెట్టుకుని, రూపాయి బిళ్లను విడిగా పక్కన పెట్టి, "దేనికిచ్చారే ఇంత?" అని అడిగింది.

"మల్లె చెట్టు ఎలా కత్తిరించాలో రాశాను అమ్మమ్మా."

"ఏమని రాశావు?"

పిల్ల నా వైపు చూసింది. అచ్చయిన వ్యాసం ఫోనులోనే ఉంది కానీ తీయలేదు. "నీళ్లు ఆపి, ఆకు దూసి, మూరెడు ఎత్తున కత్తిరించాలి" అంది.

అమ్మ గోడ పక్కనున్న తన మల్లె పొద వైపు తల తిప్పింది. వారం కిందటే కత్తిరించినట్టుంది, మూరెడు మోళ్లు మాత్రమే ఉన్నాయి.

"అంతే కదా. ఇంకేముంది రాయడానికి?" అంది.